"పైచానే క్యా?" అనే ఇంతిహాన్ ఇక చాలు

ఈద్ నాడు మన ఇళ్లలో ఒక దృశ్యం తప్పకుండా కనిపిస్తుంది. ఈద్‌గాహ్ నుంచి మగవాళ్లు తిరిగొస్తారు. శీర్ ఖుర్మా గిన్నెలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. లోపలి గదిలో మంచం మీద తొంభై ఏళ్లకు దగ్గరపడిన దాదీయో నానీయో కూర్చుని ఉంటుంది. వచ్చిన ప్రతివాడూ గుమ్మంలోంచే కేకేస్తాడు: "నానీ, పైచానే క్యా? మై కౌన్, బోలో దేఖేంగే!" ఆమె కళ్లు చిట్లించి చూస్తుంది. చుట్టూ పదిమంది జవాబ్ కోసం ఎదురుచూస్తుంటారు. ఎవడో ఒకడు మొబైల్లో వీడియో తీస్తుంటాడు. ఆమె ఏదో పేరు చెబుతుంది. అది తప్పవుతుంది. అందరూ నవ్వుతారు. ఆమె కూడా నవ్వేస్తుంది.

ఆ నవ్వును ఒకసారి జాగ్రత్తగా చూడండి. షర్మిందా అయిన మనిషి, పదిమందిలో పరువు కాపాడుకోడానికి నవ్వే నవ్వు అది. ఈ ప్రశ్న మన ఇళ్లలో ఇక వినపడకూడదన్నది నా అభిప్రాయం. అడిగేవాళ్లకు చెడు ఉద్దేశం ఉండదు, నాకు తెలుసు. నన్ను ఇంకా మర్చిపోలేదు కదా అన్న ఆశతోనే అడుగుతారు. కానీ ఆ ఆశను తీర్చే బరువంతా, ఆ ఇంట్లో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషి మీద పడుతోంది. పెద్దల దగ్గరికి మనం సలాం చేయడానికి వెళ్తున్నాం. ఇంతిహాన్ పెట్టడానికి కాదు కదా.

మన దగ్గర దీనికి ఒక పాత సబక్ ఉంది. హజ్రత్ జాబిర్ రజియల్లాహు అన్హు తన తండ్రి చేసిన అప్పు విషయమై ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఇంటికి వెళ్లి తలుపు తట్టారు. ఎవరని లోపలి నుంచి అడిగితే, "నేను" అన్నారు. ప్రవక్తకు ఆ జవాబ్ నచ్చలేదు, "నేను, నేను" అని ఆ మాటనే తిరిగి అన్నారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న రివాయత్ ఇది. తలుపు అవతల ఉన్న మనిషికి "నేను" అంటే ఏం తెలుస్తుంది? పేరు చెప్పాల్సిన బాధ్యత వచ్చినవాడిదే. వినికిడి తగ్గిన, హాఫిజా తగ్గిన బుజుర్గ్‌కు మనమందరం తలుపు అవతల నిలబడ్డవాళ్లమే. ముందుగా మన పేరు మనమే చెప్పుకోవాలి.

అయితే పేరు ఒక్కటే చెబితే ఎందుకు సరిపోదో తెలియాలంటే, వయసుతో పాటు చెవిలో ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకోవాలి. వయసు వల్ల వచ్చే చెవుడులో ముందుగా పోయేవి సన్నని, పదునైన ధ్వనులు. స, ష, ఫ, త, క లాంటి హల్లుల్ని ఒకదాన్నుంచి ఒకటి వేరుచేసి చూపేది ఆ సన్నని ధ్వనులే. ఆ, ఈ, ఊ లాంటి అచ్చులు మందంగా ఉంటాయి, అవి చాలాకాలం నిలుస్తాయి. అందుకే వాళ్లు "వినపడుతోంది బేటా, అర్థం కావట్లేదు" అంటారు. అది సాకు కాదు. చెవి దగ్గర జరుగుతున్నది అచ్చంగా అదే.

ఇప్పుడు మన పేర్లు చూడండి. సలీం, కలీం, హలీం, అలీం. మొదటి హల్లు తీసేస్తే అన్నీ ఒకటే. షకీలా, జమీలా, అఖీలా కూడా దాదాపు అంతే. ఒక్కో ఖాందాన్‌లో ఇలాంటి పేర్లు నలుగురైదుగురికి ఉంటాయి. గుమ్మంలోంచి "సలీం" అని అరిస్తే ఆమెకు చేరేది "...లీం" మాత్రమే. నలుగురు మనవల్లో ఎవడని తేల్చుకుంటుంది? పేరు తప్పు చెబితే మనం "హాఫిజా పోయింది" అనేస్తాం. హాఫిజా బాగానే ఉండొచ్చు. ఆమె చెవికి చేరింది అరపేరే.

అరిస్తే మేలు జరుగుతుందా అంటే, జరగదు. అరిచినప్పుడు పెరిగేది ఎక్కువగా అచ్చుల మోతే. అసలు వినపడని హల్లులు అలాగే ఉండిపోతాయి. పైగా ఇలాంటి చెవులకు ఇంకో తకలీఫ్ ఉంది. మెల్లగా మాట్లాడితే వినపడదు, కొంచెం గట్టిగా అంటే నొప్పి పుడుతుంది. ఈ రెంటికీ మధ్య దూరం తగ్గిపోతుంది. అందుకే రెండుసార్లు "ఆఁ?" అని, మూడోసారి "అరుస్తావేంరా?" అని కసురుకుంటారు. అరిచేవాడి మొహం కూడా కోపంగా కనిపిస్తుంది. మాట అందకపోయినా ఆ మొహం మాత్రం అందుతుంది. గొంతు కాస్త దించి, నిదానంగా, మామూలు కంటే ఓ పిసరు గట్టిగా మాట్లాడితే చాలు. పిల్లల గొంతు సహజంగానే సన్నన కాబట్టి మునిమనవళ్ల మాట అస్సలు పట్టుబడదు. వాళ్ల పక్కన పెద్దవాళ్లు ఒకరు కూర్చుని, పిల్లలు అన్న మాటను మళ్లీ చెప్పాలి.

చెవిలో నోరు పెట్టి చెప్పడం కూడా మనకు అలవాటు. దానివల్ల ఒక నష్టముంది. మన పెదవులు ఆమెకు కనపడవు. చెవి తగ్గినవాళ్లు నేర్చుకోకుండానే పెదవులు చదువుతారు. అందుకని ఎదురుగా, చేయి చాచితే అందేంత దూరంలో కూర్చోవాలి. వెలుతురు మన మొహం మీద పడాలి. కిటికీ మన వెనక ఉంటే ఆమెకు కనిపించేది నల్లటి నీడ. ఆడవాళ్లు లోపలి గదిలోకి వచ్చాక నఖాబ్ తీసి సలాం చేయాలి. టీవీ ఆపేయాలి. ఆరోగ్యవంతమైన చెవి టీవీ మోతలోంచి మన మాటను వేరు చేసుకుంటుంది, ఆమె చెవి ఆ పని చేయలేదు.

సలాంకు సైగ కూడా తోడు చేయాలి. ఇది నా సొంత సలహా కాదు. పదమూడో శతాబ్దపు ఇమామ్ నవవీ తన "అల్ అజ్కార్"లో ఈ మసలా రాశారు. చెవిటి మనిషికి సలాం చేసేటప్పుడు నోటితో పలకడంతో పాటు చేత్తో సైగ చేయాలని, అప్పుడే సలాం అతనికి అర్థమై జవాబ్ ఇవ్వగలడని. ఏడు వందల ఏళ్లకు ముందే ఆలోచించి పెట్టిన మాట. మన బుజుర్గులు పెరిగిన అదబ్‌లో నుదుటి దాకా చేయి ఎత్తడం ఎలాగూ ఉంది. ఆ చేయి లేవగానే, మాట ఒక్కటీ వినపడకపోయినా, ఎవరో తనకు సలాం చేస్తున్నారని ఆమెకు తెలుస్తుంది.

ఇక హాఫిజా సంగతి. ఇందులో కొత్తవి ముందు పోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి. మనవడికి గడ్డం వచ్చిన సంగతి నిలవదు, ఆ మనవడి తల్లికి చిన్నప్పుడు ఇంట్లో పెట్టుకున్న ముద్దుపేరు నిలుస్తుంది. కాబట్టి పరిచయం మన దగ్గర మొదలుపెట్టకూడదు. ఆమె దగ్గర మొదలుపెట్టి మన దాకా రావాలి. "నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా కదా" అంటే ఆమెకు పట్టుకోడానికి ఏమీ దొరకదు. "నీ రెండో బిడ్డ మున్నీ లేదూ, ఆమె కొడుకుని" అంటే దొరుకుతుంది. మనకు ఫలానా అని ఉన్న పేరు కంటే, ఆమెతో మనకున్న రిష్తా ముఖ్యం.

భాష కూడా చూసుకోవాలి. హాఫిజా తగ్గేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందుగా జారిపోతుంది, పసితనంలో ఇంట్లో మాట్లాడిన భాష నిలుస్తుంది. ఆమెది దక్నీ ఇల్లయితే దక్నీలోనే పలకరించాలి. తెలుగు, ఇంగ్లిష్ మీడియం పిల్లలకు దక్నీ సరిగా రాకపోయినా సలాం, పేరు, రిష్తా, ఈ మూడు ముక్కలు నేర్పడం కష్టం కాదు. దూదేకులవాళ్ల ఇళ్లలో లాగా తెలుగే ఇంటి భాష అయినచోట తెలుగులోనే పలకరించాలి. అక్కడ ఉర్దూ తెచ్చిపెట్టుకోవాల్సిన పనిలేదు. చదువుకున్న బుజుర్గ్ అయితే పేరు, రిష్తా ఒక కాగితం మీద పెద్ద అక్షరాల్లో, వాళ్లు చదవగల లిపిలో రాసి చూపించండి. చెవికి అందనిది కంటికి అందుతుంది. అసలు లోపం చెవిదా, హాఫిజాదా అన్నది కూడా దీనితోనే కొంత తేలుతుంది. కాగితం చూడగానే "అరే, నువ్వా!" అంటే చెవిదే. పేరు చదివి, మన వెంటే తిరిగి పలికి కూడా, ఎవరో అందకపోతే హాఫిజాది. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ప్రతి మాటకూ "హా, హా" అని తల ఊపుతుంటే మాత్రం, వినపడిందని నమ్మకండి. వినపడలేదని చెప్పలేక ఊపే తల అది.

పోయిన రంజాన్ ఈద్ నాడు మావైపు ఒక ఇంట్లో చూసిన సంగతి చెబుతాను, పైన రాసిందంతా అందులో ఉంది. మనవడి పేరు సలీం అనుకుందాం. గుమ్మంలో నిలబడ్డాడు, వెనక వాకిట్లో ఎండ. "నానీ, పైచానే?" అన్నాడు. ఆమె "కలీం?" అంది. "నై నానీ, సలీం, సలీం!" అని గొంతు పెంచాడు. ఆమె చేతులు ఒళ్లోకి తీసుకుని తల దించుకుంది. అప్పుడు అతని అక్క లేచి టీవీ ఆపేసింది. తమ్ముణ్ణి లోపలికి లాగి, మంచం పక్కన కింద కూర్చోబెట్టింది. అతని మొహం ఇప్పుడు నానీ మొహం కంటే కాస్త కిందకు వచ్చింది, కిటికీ వెలుతురు అతని మీద పడింది. "ఇప్పుడు సలాం చెయ్యి, పేరు చెప్పు, తర్వాత ఊరుకో" అంది.

అతను చేయి ఎత్తి, "అస్సలాము అలైకుం నానీ" అన్నాడు. ఆగాడు. మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఏమీ జరగలేదు. చాలామంది ఇక్కడే సబర్ పోగొట్టుకుంటారు. విన్నదాన్ని ఆమె మెదడు పోగేసుకోడానికి అంత వ్యవధి కావాలి. మధ్యలో మనం ఇంకో మాట వేస్తే మొదటిది చెదిరిపోతుంది, ఆమె మళ్లీ మొదటికొస్తుంది. పది దాటాక ఆమె నోట స్పష్టంగా, పూర్తిగా "వ అలైకుం అస్సలాం" వచ్చింది. జీవితమంతా రోజుకు పదిసార్లు పలికిన జవాబ్ అది. పేర్లు మరుగైనా నాలుకకు పట్టిన ఆ అలవాటు అంత సులభంగా పోదు. ఆ తర్వాత అతను, "మై సలీం. మున్నీ కా బేటా" అన్నాడు. రెండే ముక్కలు. ఆమె "మున్నీ..." అంది. చేయి లేచింది. అతను తల ముందుకు వంచాడు. రెండు చేతులూ అతని తల మీద నుంచి తిప్పి, తన కణతల దగ్గర మెటికలు విరిచి, బలాయే తీసుకుంది. ఇంకా సలీం అన్న పేరు ఆమెకు నిలిచిందో లేదో నాకు తెలియదు. తన కడుపున పుట్టినవాళ్లకు పుట్టినవాడు ఎదురుగా ఉన్నాడని మాత్రం ఆ చేతులకు తెలిసింది.

తర్వాతే కష్టమైన ఘడియ వచ్చింది. "మున్నీ నై ఆయీ?" అని అడిగింది. మున్నీ చనిపోయి నాలుగేళ్లు. గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇక్కడ మన ఇళ్లలో రెండు పనులు జరుగుతాయి. ఒకరు "మర్చిపోయావా నానీ, అమ్మీ పోయింది కదా" అని నిజం చెబుతారు. హాఫిజా పోయిన మనిషికి అది పాత ఖబర్ కాదు, బిడ్డ ఇప్పుడే పోయిన ఖబర్. సాయంత్రానికి మరచిపోతుంది, రేపు మళ్లీ ఎవరో చెబుతారు, మళ్లీ అదే దుఃఖం. ఇంకొకరు "వస్తోంది, దారిలో ఉంది" అంటారు. అది ఝూట్. ఆమె వాకిలి వైపు చూస్తూ కూర్చుంటుంది. సలీం అక్క మూడో దారి పట్టుకుంది. నానీ చేయి పట్టుకుని, "మున్నీ యాద్ ఆరై నానీ? చిన్నప్పుడు బాగా అల్లరి చేసేదా?" అంది. నానీ చెప్పసాగింది. సగం మాటలు అందలేదు, అయినా అందరూ విన్నారు. చివర్లో మున్నీకి దువా చేసింది. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ ఆమె గుండె కోయలేదు. ఆమె ప్రశ్న లోపల ఉన్నది బిడ్డ మీద బెంగ. ఆ బెంగకు జవాబ్ దొరికింది. బతికి ఉందా లేదా అని ఆమె సూటిగా, మళ్లీ మళ్లీ అడిగితే మాత్రం దాచడం సరికాదు. ఒక్కసారి మెల్లగా చెప్పి, లేచి వెళ్లిపోకుండా పక్కన కూర్చోవాలి.

మనల్ని మన తండ్రి పేరుతో పిలిచినా ఇదే పద్ధతి. "నేను ఆయన కాదు" అనే బదులు "ఆయన కొడుకునే" అంటే సరిపోతుంది. మనిషి తప్పినా ఆమె వంశం తప్పలేదు. నిజానికి దగ్గరగానే వచ్చింది.

ఒక అభ్యంతరం తరచూ వింటుంటాను. "అడుగుతూ ఉంటే దిమాగ్ పనిచేస్తుంది, అడగకపోతే ఇంకా మొద్దుబారుతుంది" అని. ఆధారం లేకుండా పేరు వెతికి తీయడం వేరు, చెప్పగానే పోల్చుకోవడం వేరు. ముసలితనంలో మొదటిది ముందుగా దెబ్బతింటుంది, రెండోది చాలాకాలం మిగులుతుంది. మనం పేరు చెప్పి పరిచయం చేసుకుంటే మిగిలిన శక్తికి పని ఇస్తున్నాం. పేరు చెప్పమని అడిగితే పోయిన శక్తిని పదిమందిలో పైకి లాగి చూపిస్తున్నాం. వ్యాయామం కావాలంటే పాత సంగతులు అడగండి, తప్పు ఒప్పులు లేనివి.

ఇంకో మాట కూడా అంటారు: "వెళ్లినా గుర్తుండదు కదా, వెళ్లి ఏం లాభం?" 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం పరిశోధకులు అల్జీమర్స్ ఉన్నవాళ్లకు దుఃఖం కలిగించే, సంతోషం కలిగించే సినిమా ముక్కలు చూపించారు. కాసేపటికి చూసింది మరచిపోయినా, అది పుట్టించిన దుఃఖమో సంతోషమో వాళ్లలో మిగిలే ఉందని తేలింది. అంటే మనం వచ్చిన సంగతి నానీ మరచిపోతుంది, మనం వదిలి వెళ్లిన మనసు ఆమె దగ్గర ఉంటుంది. ఇంతిహాన్‌లో ఓడిన బాధ కూడా అలాగే ఉంటుంది. ఈద్ సాయంత్రం "నానీ ఎందుకో చిరాకుగా ఉంది" అని ఇంటివాళ్లు అనుకుంటుంటారు. పొద్దున ఇరవైమంది అడిగిన ప్రశ్న ఎవరికీ తట్టదు.

అందుకే ఇంటివాళ్లు చేయాల్సిన పని ఒకటుంది. ఆ రోజు కోడలో కూతురో ఒకరు ఆమె పక్కనే కూర్చుని, వచ్చిన ప్రతివారినీ "మీ బడా బేటా కీ బేటీ ఆయీ" అని ముందే అందించాలి. ఒకేసారి ఇద్దరికి మించి రానివ్వకూడదు. పొద్దున పూట మంచిది. మగ్రిబ్ వేళకు చాలామంది బుజుర్గుల్లో అయోమయం పెరుగుతుంది. హాల్లోకి మోసుకొచ్చి కూర్చోబెట్టకండి, మనమే గదిలోకి వెళ్దాం. మక్కా ఫతహ్ రోజున హజ్రత్ అబూబకర్ చూపులేని తన ముసలి తండ్రి అబూ కుహాఫాను వెంటబెట్టుకొస్తే, పెద్దాయన్ను ఇంట్లోనే ఉంచాల్సింది, నేనే వచ్చేవాణ్ణి కదా అన్నారట ప్రవక్త. చెవికి మిషన్ ఉంటే గలే మిలేటప్పుడు అవతలి వైపు నుంచి మెల్లగా కలవండి. మన చెంప మిషన్‌కు ఆనితే అది కీచుమని కూస్తుంది, ఆమె ఉలిక్కిపడుతుంది. వెనక నుంచి వచ్చి వాటేసుకోవడం అసలే వద్దు.

ఇవన్నీ చేసినా కొన్ని రోజులు ఏదీ అందదు. అది మన లోపం కాదు, ఆమెదీ కాదు. అలాంటి రోజు సలాం చేసి, చేయి పట్టుకుని కాసేపు కూర్చుంటే చాలు. నిన్నటిదాకా బాగా పోల్చుకున్న మనిషి ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా అయోమయంలో పడితే మాత్రం, వయసు అని వదిలేయకండి. జ్వరమో, మూత్రంలో ఇన్ఫెక్షనో, ఒంట్లో నీళ్లు తగ్గడమో కావచ్చు. వెంటనే డాక్టర్‌కు చూపించాలి. హఠాత్తుగా వినికిడి పోయినా అంతే. కొన్నిసార్లు చెవిలో గులిమి గట్టిపడి ఉంటుంది, తీసేస్తే సగం తకలీఫ్ తీరిపోతుంది.

చివరిగా ఒకటి. సలాం అయ్యాక చేయి మనం ముందుగా లాక్కోవద్దు. ఎవరైనా ముసాఫహా చేస్తే, అవతలి మనిషి వదిలేదాకా ప్రవక్త తన చేయి తీసుకునేవారు కాదని హజ్రత్ అనస్ చెప్పినట్టు తిర్మిజీలో ఉంది. "జీతే రహో బేటా, ఖుష్ రహో" అనడానికి ఆమెకు కొంచెం టైం పడుతుంది. వండిపెట్టడం, పిల్లల్ని సాకడం, ఇల్లు నడపడం అన్నీ ఆమె చేతుల్లోంచి పోయాయి. దువా ఇవ్వడం ఒక్కటే ఇంకా మిగిలింది. అది పూర్తయ్యేదాకా కూర్చుందాం.